నా ఫోన్‌లో ట్రెండింగ్ ఒకటి, అన్నయ్య ఫోన్‌లో మరొకటి: ఎందుకు?

హైదరాబాద్‌లో తమ్ముడికి కనిపించే ట్రెండింగ్ జాబితా, డాలస్‌లో ఉన్న అన్నయ్యకు కనిపించదు. ఇద్దరూ తెరిచింది ఎక్స్‌నే, పాత పేరు ట్విట్టర్. అయినా ఎందుకీ తేడా?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఎక్కువమంది రాసిన మాటే ట్రెండింగ్ అవుతుందనుకుంటాం. కాదు. రోజూ ఉండేదానికంటే ఉన్నట్టుండి ఎంత పెరిగిందన్నదే లెక్క. ఒక ఊళ్లో పొద్దున్నే గంటకు పదివేల మంది "గుడ్ మార్నింగ్" రాస్తారనుకుందాం. ఇవాళ పదివేల ఐదువందల మంది రాసినా అది వార్త కాదు. గంటకు ఐదుసార్లు కూడా వినబడని పేరు ఇప్పుడు రెండొందలసార్లు వచ్చిందంటే నలభై రెట్లకు పైనే పెరిగినట్టు. పైకి వచ్చేది అదే.

మన హీరోల అభిమానులకు ఈ సంగతి బాగా తెలుసు. పుట్టినరోజు హ్యాష్‌ట్యాగ్‌ను ముందే బయటపెట్టరు. సాయంత్రం ఫలానా గంటకు ప్రకటిస్తాం, అప్పటిదాకా ఎవరూ వాడొద్దంటారు. పాత లెక్క సున్నా దగ్గర ఉంటేనే గంట కొట్టగానే ఎగసిన కెరటం నిటారుగా కనిపిస్తుంది. అదే ట్యాగ్‌ను వారం రోజులు కొద్దికొద్దిగా వాడితే, ఆ వాడకమే "మామూలు" కింద జమై, ట్యాగ్ పైకి రాదు.

ఆ చిక్కు 2011లో న్యూయార్క్‌లో బయటపడింది. సెప్టెంబర్ 17న జుకోటీ పార్కులో 'ఆక్యుపై వాల్ స్ట్రీట్' ఉద్యమం మొదలైంది. దాని ట్యాగ్ వేరే నగరాల్లో ట్రెండింగ్‌లోకి వచ్చినా, సొంత ఊరు న్యూయార్క్‌లో రాలేదు. కంపెనీ తొక్కిపెట్టిందని చాలామంది అనుమానించారు. గిలాద్ లోటాన్ అనే డేటా నిపుణుడు అంకెలు తీసి చూస్తే, అక్కడ చర్చ నెమ్మదిగా, నిలకడగా పెరిగిందని తేలింది. పెరిగేకొద్దీ దాని పాత లెక్కా పెరిగింది. రోజుల తరబడి సాగే ఉద్యమాన్ని ఈ కొలత తక్కువ చేసి చూపిస్తుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

న్యూయార్క్ కథలోనే ప్రాంతాల తేడాకూ జవాబుంది. ఏ ఊరి మామూలు లెక్క ఆ ఊరిదే. ఒక చోట పాతబడిన మాట మరో చోట కొత్త. జనం తక్కువ రాసే ఊళ్లో కొద్దిమంది కలిసినా జాబితా కదులుతుంది.

దీనిపైన మనిషికో వడపోత ఉంది. 2012 నుంచి మీరు ఎవరిని అనుసరిస్తారు, ఎక్కడున్నారు అన్నవి చూసి జాబితా మారుస్తున్నారు. అన్నయ్య క్రికెట్ ఖాతాలు అనుసరిస్తే, డాలస్‌లో కూర్చున్నా క్రికెట్ మాటలు రావచ్చు.

తేడా ఖాతాల వల్ల, ఊళ్ల వల్ల వచ్చిందేనా అని తేల్చుకోవాలంటే, ఇద్దరూ ఎక్స్‌ప్లోర్ సెట్టింగ్స్‌లో మీ అభిరుచులను బట్టి చూపించే ఎంపిక ఆపేసి, ఒకే ఊరిని ఎంచుకుని, ఒకే నిమిషంలో చూడండి. జాబితాలు దాదాపు కలిస్తే, అంతకుముందు కనిపించిన తేడా మీ ఇద్దరి ఖాతాలదీ, ఊళ్లదీ.