కువైట్ ధర చీటీలో కామా

కువైట్‌లో కొన్ని దుకాణాల ధర చీటీల మీద ١٫٢٥٠ అన్నట్టు అరబ్బీ అంకెల్లో ధర ఉంటుంది. రాయచోటి, రాజంపేట వైపు నుంచో గోదావరి జిల్లాల నుంచో అక్కడికి పనికి వెళ్లినవారు ఆ చీటీ ఫోటో తీసి ఇంటికి పంపితే, చూసినవారు అంకెలను 1, 2, 5, 0 అని సరిగ్గానే పోల్చుకోవచ్చు. చిక్కంతా మధ్యలో ఉన్న కామాతోనే. మన అలవాటు ప్రకారం చదివితే అది పన్నెండు వందల యాభై దినార్లవుతుంది. అసలు ధర ఒక దినారు 250 ఫిల్సు మాత్రమే. తేడా వెయ్యి రెట్లు.

మన లెక్కల్లో కామా వేలనూ లక్షలనూ విడదీస్తుంది. దశాంశానికి చుక్క పెడతాం. అరబ్బీ అంకెల్లో దశాంశానికి పెట్టేది కామాలాంటి చిన్న గీత. పైగా కువైట్ దినారుకు వంద ఫిల్సులు కాదు, వెయ్యి. అందుకే గుర్తు తర్వాత మూడు అంకెలుంటాయి. బహ్రెయిన్ దినారుకూ వెయ్యి ఫిల్సులే, ఒమన్ రియాలుకు వెయ్యి బైసాలు. సౌదీ, ఖతర్, ఎమిరేట్స్ నాణేలు వందకు లెక్క కాబట్టి అక్కడ రెండు అంకెలే వస్తాయి. ‘కామా తర్వాత మూడు అంకెలుంటే వేలు’ అనే బండగుర్తు సరిగ్గా కువైట్‌లోనే దెబ్బతీస్తుంది.

దశాంశానికి చుక్క ఎందుకు పెట్టరంటే, ఆ లిపిలో చుక్కే సున్నా. ఐదు మాత్రం ٥ అని మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఈ రెండింటి దగ్గరే. సున్నా చుక్క అంకెల ఎత్తులో సగానికి అటూఇటూగా ఉంటుంది. దశాంశ గీత అడుగున, కాస్త వాలుగా ఉంటుంది. మిగతా అంకెల్లో ٦ ఇంగ్లిషు ఏడులా కనిపించే ఆరు, ٤ తిరగేసిన మూడులా కనిపించే నాలుగు. అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకు సాగినా, సంఖ్యలో పెద్ద స్థానం మనకు లాగే ఎడమవైపే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉర్దూ అంకెలు చదవగలిగినవారికి ఇవి చాలావరకు తెలిసినవే గానీ నాలుగు, ఆరు లాంటి కొన్నింటి రూపం కొద్దిగా మారుతుంది.

చేతిలో ఉన్న చీటీ కంటే ఫోటో ఎక్కువ మోసం చేస్తుంది. ఏడు ٧ అని, ఎనిమిది ٨ అని రాస్తారు. ఫోటో తలకిందులైతే ఒకటి ఇంకొకటైపోతుంది. సెల్ఫీ కెమెరాతో తీసినప్పుడు బొమ్మ అద్దంలోలా తిరగబడితే రెండు ఆరులా కనిపిస్తుంది. అందుకే చీటీ మీద ఇంకేదైనా రాత, కంపెనీ గుర్తు నిటారుగా ఉన్నాయో లేదో ముందు చూడాలి. ఫోటో మసకైతే దశాంశ గీత మాయమై 1250 మిగులుతుంది, లేదా అదీ ఒక సున్నాలా కనిపించి 10250 అవుతుంది.

అలాంటప్పుడు ఆదుకునేది కాటా దగ్గర అంటించే చీటీ. దాని మీద తూకం, కిలో ధర, మొత్తం మూడూ ఉంటాయి. తూకం ٠٫٧٥٠ అనీ, కిలో ధర ١٫٢٠٠ అనీ, మొత్తం ٠٫٩٠٠ అనీ ఉందనుకుందాం. ముప్పావు కిలో, కిలో ఒక దినారు 200 ఫిల్సు. 0.750ను 1.200తో గుణిస్తే 0.900, అంటే 900 ఫిల్సు. లెక్క కుదిరింది. ఒక్క అంకెను తప్పు చదివినా ఈ గుణకారం కుదరదు. కానీ మూడు సంఖ్యల్లోనూ దశాంశ గీతను వేల కామాగా చదివితే ఎలా? 750ని 1200తో గుణిస్తే తొమ్మిది లక్షలు. చీటీ మీద 900 ఉంది. అక్కడే దొరికిపోతుంది.

ఇదే పద్ధతి జర్మనీలోనూ పనికొస్తుంది. అక్కడి అంకెలు మనకు తెలిసినవే, గుర్తులే తారుమారు. 0,486 kg, కిలో 12,90 €, మొత్తం 6,27 € అని ఉంటే అది అర కిలోకు కాస్త తక్కువ సరుకు, ఆరు యూరోల 27 సెంట్లు. అద్దె కాగితంలో 1.250,00 € అని ఉంటే మాత్రం అది పన్నెండు వందల యాభై యూరోలే. ప్యాకెట్ మీద 1,250 kg అన్నది కిలోంబావు. చుక్క, కామా రెండూ ఉన్నచోట చివర వచ్చేదే దశాంశం. ఒక్కటే ఉండి దాని తర్వాత మూడు అంకెలుంటే దేశమూ నాణెమూ తెలియకుండా తేల్చలేం. దశాంశానికి చుక్కయినా కామా అయినా వాడవచ్చని తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో ఒప్పుకుంది కాబట్టి ఈ తేడా ఇప్పట్లో పోయేది కాదు.

ఇంటికి ఫోటో పంపేవారు దాని కింద ‘1 దినారు 250 ఫిల్సు’ అని మాటల్లో టైపు చేసి పంపితే, చుక్కతోనూ కామాతోనూ పని ఉండదు.