స్టెతస్కోప్ పక్కనపెట్టి రాసే పరిచయం

లింక్డ్‌ఇన్‌లో ‘అబౌట్’ విభాగానికి 2,600 అక్షరాల వరకు చోటుంది. కానీ పేజీ తెరవగానే కనిపించేది మొదటి కొన్ని వరుసలే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆసుపత్రి నిర్వహణ వైపు వెళ్లాలనుకునే డాక్టరు ఆ కాస్త చోటునూ డిగ్రీలతో నింపేస్తే, చెప్పాల్సింది అడుగున పడిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక మత్తు డాక్టరు మెడికల్ సూపరింటెండెంట్ ఉద్యోగం కోరుతున్నారనుకుందాం. ‘వేల ఆపరేషన్లకు మత్తు ఇచ్చాను’ అన్న వాక్యంలో ఆమె చేతి నేర్పు తెలుస్తుంది, నిర్వహణ సామర్థ్యం తెలియదు. ఆమె థియేటర్ల షెడ్యూలు కూడా చూసి ఉంటే ఇలా రాయవచ్చు: ‘ఆరు ఆపరేషన్ థియేటర్ల షెడ్యూలు బాధ్యత నాది. మత్తుకు ముందు చేయాల్సిన పరీక్షలు పూర్తికాకే ఉదయం మొదటి కేసు ఆలస్యమవుతోందని గుర్తించాం. వాటిని ముందురోజు సాయంత్రానికే ముగించే పద్ధతి పెట్టాం. సగటు ఆలస్యం 40 నిమిషాల నుంచి 15కు తగ్గింది.’ ఈ నాలుగు వాక్యాలు చదివితే ఆమె రేపు ఆసుపత్రిని ఎలా నడుపుతారో ఊహకు అందుతుంది.

నర్సులు, సర్జన్లు కలిసి సాధించినదాన్ని ఒక్కరి ఖాతాలో వేసుకుంటే ఇంటర్వ్యూలో బయటపడుతుంది. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం పనిచేసి ఉంటే అందులో తన వంతు ఏమిటో విడిగా చెప్పాలి. ఆసుపత్రి లోపలి అంకెలకు యాజమాన్యం అనుమతి తీసుకోవాలి. రోగిని గుర్తుపట్టగల వివరం ఒక్కటీ ఉండకూడదు.

చివర్లో ఏ పదవి, ఎంత పెద్ద ఆసుపత్రి కోరుతున్నారో సూటిగా రాస్తే సరిపోతుంది.