జ్వరం తగ్గాకే అసలు పని

పాడేరు ఏజెన్సీలో వానలు మొదలయ్యాక ఆశా కార్యకర్త సంచిలో ఆర్‌డీటీ కిట్లు, సూదులు, స్పిరిట్ దూది, గాజు స్లైడ్లు, క్లోరోక్విన్, ప్రైమాక్విన్ మాత్రలు తప్పక ఉండాలి. చలిజ్వరం వచ్చిన ఇంటికి వెళ్లడమంటే మాత్రలిచ్చి రావడం కాదు. మొదట రక్తపరీక్ష, ఆ తర్వాతే మందు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై ఏళ్ల మనిషి, రెండు రోజులుగా చలి, వణుకు, జ్వరం. ఇంట్లో అడుగుపెట్టగానే చూడాల్సింది ప్రమాద లక్షణాలు. మగత, ఫిట్స్, ఆయాసం, ఆగని వాంతులు, పచ్చబడిన కళ్లు, బాగా తగ్గిన మూత్రం, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకూడదు. అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపాలి. అవేవీ లేవనుకుందాం. కిట్టు మీద గడువు తేదీ చూసి, చేతికి గ్లవ్స్ వేసుకుని, పరీక్ష చేసే నిమిషంలోనే కవరు చించాలి. ముందే చించితే లోపలి పట్టీకి తేమ తగిలి పాడవుతుంది. ఉంగరం వేలి కొసను స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పక్క వైపు గుచ్చాలి. తడి మీద గుచ్చితే రక్తం స్పిరిట్‌లో కలిసిపోతుంది. కిట్టు మీద రోగి పేరు, టైము రాసిపెట్టి, దాని కాగితంలో చెప్పినన్ని నిమిషాలు ఆగి చూడాలి. తొందరపడి ముందే చదివినా, మరిచిపోయి గంట తర్వాత చదివినా ఫలితం నమ్మడానికి లేదు. కంట్రోల్ గీత రాకపోతే దాన్ని నెగెటివ్ అనుకోకూడదు. ఆ కిట్టు పనిచేయలేదని అర్థం, మరో కిట్టుతో మళ్లీ చేయాలి.

మన ఉదాహరణలో వైవాక్స్ తేలింది. పెద్దవాళ్లకు క్లోరోక్విన్ 150 మిల్లీగ్రాముల మాత్రలు మొదటి రోజు 4, రెండో రోజు 4, మూడో రోజు 2. దాంతోపాటు ప్రైమాక్విన్ రోజుకు 15 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఫాల్సిపారం అయితే మందూ వేరు, రోజులూ వేరు. అందుకే పరీక్ష లేకుండా మందు లేదు. గర్భిణికి, ఏడాదిలోపు బిడ్డకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. కాబట్టి ఆడవాళ్లయితే నెల తప్పిందేమో అడగకుండా స్ట్రిప్పు చేతిలో పెట్టకూడదు. జీ6పీడీ లోపం ఉన్నవారికీ ఈ మందు పడదు.

చిక్కంతా ఈ 14 రోజుల్లోనే ఉంది. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది, మనిషి లేచి పోడు పనికి వెళ్లిపోతాడు. ఒళ్లు బాగున్నప్పుడు మాత్ర మింగాలని ఎవరికి గుర్తుంటుంది? కానీ క్లోరోక్విన్ చంపేది రక్తంలో ఉన్న పరాన్నజీవులను మాత్రమే. ఈ రెండిట్లో కాలేయంలో నిద్రపోతున్న వాటి జోలికి వెళ్లేది ప్రైమాక్విన్ ఒక్కటే. కోర్సు మధ్యలో ఆగిందంటే కొన్ని వారాలకో, నెలలకో అవి లేచి, కొత్త దోమ కుట్టకపోయినా జ్వరం తిరగబెడుతుంది. ఈలోగా ఆయన్ను కుట్టిన దోమ పక్కింటి వాళ్లను కుడుతుంది.

అందుకే మొదటి మాత్ర కార్యకర్త కళ్లెదుటే పడాలి, అదీ ఏదైనా తిన్నాక. పదిహేను నిమిషాల్లో కక్కేస్తే కాసేపు పడుకోబెట్టి ఆ మోతాదే మళ్లీ ఇవ్వాలి. మళ్లీ కక్కితే ఆస్పత్రికే. తర్వాత వెళ్లినప్పుడు “అన్నా, మాత్రలు వేసుకుంటున్నావా?” అంటే అందరూ “ఆఁ” అంటారు. “స్ట్రిప్పు తీసుకురా అన్నా, చూద్దాం” అనాలి. 7.5 మిల్లీగ్రాముల మాత్రలైతే రోజుకు 2 చొప్పున మొత్తం 28. ఏడో రోజు మాత్ర పడ్డాక 14 మిగలాలి. 20 ఉంటే మూడు రోజులు తప్పిపోయినట్టే. తిట్టకుండా ఎందుకు తప్పాయో అడగాలి. చాలాసార్లు సమాధానం కడుపులో మంటే, ఖాళీ కడుపుతో మింగడం వల్ల. ఇంకో మాట, 15 మిల్లీగ్రాముల మాత్రలూ దొరుకుతాయి. స్ట్రిప్పు మీద అంకె చదవకుండా “రోజుకు రెండు” అని చెప్పేస్తే మోతాదు రెట్టింపవుతుంది.

వెళ్లిన ప్రతిసారీ అడగాల్సిన మరో ప్రశ్న మూత్రం రంగు. డికాక్షన్‌లా నల్లబడినా, కళ్లు పచ్చబడినా, మనిషి బాగా నీరసించినా ప్రైమాక్విన్ వెంటనే ఆపించి పీహెచ్‌సీకి పంపాలి. జీ6పీడీ లోపం బయటపడేది ఇలాగే, తరచూ మొదటి వారంలోనే. మూడు రోజుల మందు పూర్తయినా జ్వరం దిగకపోతే, లేదా నెలలోపే మళ్లీ వస్తే స్లైడు తీయాలి. ఫాల్సిపారం రోగికి ఆర్‌డీటీ గీత మందు పూర్తయ్యాక కూడా కొన్ని వారాలు కనబడుతూనే ఉంటుంది. ఆ గీత చూసి మందు పనిచేయలేదని కంగారుపడనక్కర్లేదు.

ఇక రాత. ఎం-1 ఫారంలో ప్రతి జ్వరం కేసుకూ ఒక వరుస, నెగెటివ్ వచ్చినా సరే. నెగెటివ్‌లు రాయకపోతే ఎంతమందిని పరీక్షిస్తే ఇన్ని పాజిటివ్‌లు తేలాయో పీహెచ్‌సీలో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది జ్వరం మొదలైన తేదీ. పరీక్ష చేసిన తేదీనే అక్కడ కూడా వేసేస్తే, మందు అందడానికి ఎన్ని రోజులు పట్టిందో కనబడకుండా పోతుంది. గత నెలలో ఎక్కడెక్కడ పడుకున్నాడో కూడా అడగాలి. పని కోసం వేరే మండలం వెళ్లి వచ్చుంటే దోమను వెతకాల్సింది ఈ ఊళ్లో కాకపోవచ్చు. పాజిటివ్ సంగతి నెలాఖరు రిపోర్టు దాకా ఆపకుండా ఆ రోజే ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి చెప్పాలి. ఇంట్లో మిగిలినవాళ్లలో జ్వరం ఉన్నవారికీ అదే పూట సూది గుచ్చాలి. “మందు పూర్తి” అన్నది ఖాళీ స్ట్రిప్పు కళ్లతో చూశాకే రాయాలి. 14 రోజుల తర్వాత ఆ మనిషి ఊళ్లో లేకపోతే లేడనే రాయాలి.