ఎల్‌ఈడీకి వాటా, సర్వోకి నిడివి

ఆర్డునో ఊనో బోర్డులో 9వ పిన్ ఇస్తే 5 వోల్టులు ఇస్తుంది, లేదంటే సున్నా. మధ్యస్థంగా ఇవ్వడం దానికి రాదు. అయినా దాంతో ఎల్‌ఈడీ వెలుగు తగ్గించవచ్చు, చిన్న సర్వో మోటారును కావలసిన కోణంలో నిలపవచ్చు. పిన్‌ను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఆన్‌లో ఉండే సమయాన్ని మార్చడమే కిటుకు. దీన్నే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. ఒక్కో విడతలో ఆన్‌గా ఉన్న వాటా డ్యూటీ సైకిల్.

ఈ సమయాన్ని కొలిచేది చిప్‌లోని టైమర్. ఊనో గడియారం 16 మెగాహెర్ట్‌జ్‌ది. దాన్ని 8తో భాగించి టైమర్1కి ఇస్తే ఒక్కో లెక్కకు అర మైక్రోసెకను పడుతుంది. సర్వోకి 20 మిల్లీసెకన్లకు ఒక పల్స్ కావాలి, అంటే 40000 లెక్కలు. టైమర్ సున్నా నుంచి లెక్కిస్తుంది కాబట్టి ICR1లో 39999 రాస్తాం. లెక్క OCR1Aని చేరేదాకా పిన్ ఆన్, ఆపై ఆఫ్. సర్వో నడిమధ్యకు రావాలంటే పల్స్ 1.5 మిల్లీసెకన్లు ఉండాలి. అది 3000 లెక్కలు, రాసేది 2999.

```
DDRB |= (1<<PB1);
TCCR1A = (1<<COM1A1)|(1<<WGM11);
TCCR1B = (1<<WGM13)|(1<<WGM12)|(1<<CS11);
ICR1 = 39999;
OCR1A = 2999;
```

40000లో 3000 అంటే డ్యూటీ సైకిల్ 7.5 శాతం. అయితే సర్వో ఈ శాతాన్ని పట్టించుకోదు. మామూలుగా `analogWrite(9, 19)` అని రాసినా డ్యూటీ దాదాపు అంతే వస్తుంది. కానీ అక్కడ సెకనుకు 490 విడతలు, పల్స్ నిడివి 0.15 మిల్లీసెకన్లే. ఎల్‌ఈడీ రెండింటికీ ఇంచుమించు ఒకేలా వెలుగుతుంది, సర్వో మాత్రం రెండోదాన్ని కోణంగా గుర్తించలేదు. ఎల్‌ఈడీకి కావలసింది వాటా, సర్వోకి కావలసింది పల్స్ నిడివి. ఈ తేడా తెలియకే చాలామంది మోటారు పాడైందనుకుని పక్కన పెట్టేస్తారు.

ఇబ్బంది రెండో వైపు నుంచీ ఉంది. 9, 10 పిన్‌లు రెండూ టైమర్1వే, ICR1 ఒక్కటే. సర్వో 9లో ఉండగా ఎల్‌ఈడీని 10కి కడితే అదీ సెకనుకు 50 సార్లే వెలుగుతుంది. చూపు పక్కకు తిప్పితే వెలుగు చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. ఎల్‌ఈడీని టైమర్2 నడిపే 3వ పిన్‌కు మారిస్తే అక్కడ 490 విడతలు ఉంటాయి కాబట్టి ఆ ఇబ్బంది బాగా తగ్గుతుంది. మన కంటికి వెలుగు లెక్కప్రకారం అనిపించదు. 50 శాతం దగ్గర సగం కన్నా చాలా ఎక్కువగా తోస్తుంది. అందుకే మసక వెలుగు కోసం విలువలను కింది వైపు చిన్న చిన్న అడుగులుగా మార్చాలి.

సర్వోని మాత్రం ఆ టైమర్2కి ఇవ్వకండి. అది 256 లెక్కలే లెక్కించగలదు. 1024తో భాగించి అతి నెమ్మదిగా నడిపితే ఒక్కో లెక్క 64 మైక్రోసెకన్లు. సర్వో సుమారు 90 డిగ్రీలు తిరిగే 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య దాదాపు 16 మెట్లే పడతాయి, చెయ్యి ఆరేసి డిగ్రీల చొప్పున గెంతుతుంది. టైమర్1లో అదే దూరానికి 2000 మెట్లున్నాయి. చివరలు మోడల్‌ని బట్టి మారతాయి గనుక విలువను కొద్దికొద్దిగా పెంచి చూడాలి. చెయ్యి ఆగిపోయి మోటారు గుర్రుమని వేడెక్కుతుంటే హద్దు దాటినట్టే, వెంటనే విలువ తగ్గించాలి.