అమ్మ ఫోన్ చేస్తే ‘బానే ఉంది’ అని ఎందుకంటారు?

రాత్రి అమ్మ ఫోన్. "తిన్నావా నాన్నా?" "ఆ, తిన్నానమ్మా." "కాలేజీ ఎలా ఉంది?" "బానే ఉంది." హాస్టల్లో ఉన్న కొడుకుతో కబుర్లు అర నిమిషంలో అయిపోతాయి. వాడికి ప్రేమ లేక కాదు. అడిగినంత మేరకు జవాబు చెప్పేశాడు, అంతే.

మనుషుల మాటలను రికార్డు చేసి, నవ్వులూ నిట్టూర్పులతో సహా రాసుకుని పరిశీలించే పద్ధతి 1960లలో అమెరికాలో మొదలైంది. హార్వీ సాక్స్, ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ దానికి ఆద్యులు. ప్రశ్న వేశాక జవాబు రాకపోతే ఆ మౌనానికి కూడా అర్థం వెతుకుతాం అంటారు వాళ్లు. అందుకే ఎవరూ ఆలస్యం చేయరు. 2009లో పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలను పరిశీలిస్తే, జవాబుకు పట్టిన సమయం సగటున సెకనులో అయిదో వంతు. అంత తొందరలో నోటికి వచ్చేది తేలికైన మాటే.

మరి అమ్మ ఏమీ అడగకుండా, "ఇందాకట్నుంచీ చేస్తున్నా, ఫోన్ ఎంగేజ్ వస్తోంది" అంటే? "అదా, మా రూమ్మేట్‌తో మాట్లాడుతున్నానమ్మా, వాడు ఇల్లు తీసుకుందామంటున్నాడు..." అంటూ కథంతా బయటికొస్తుంది. సరిగ్గా ఇలాంటి ఫోన్ సంభాషణలనే 1980లో అనీటా పొమరాంట్జ్ విశ్లేషించారు. అమ్మకు తెలిసింది బయటి సగమే. లోపలి సగం కొడుకు దగ్గరుంది. తనకు తెలిసినంత ఆమె చెప్పగానే, మిగతాది వాడే పూరిస్తాడు.

అయితే ఆ విషయం అవతలివాళ్లకే ఎక్కువ తెలిసినదై ఉండాలి. "ఎండలు మండిపోతున్నాయిరా" అంటే "అవునమ్మా" దగ్గరే ఆగిపోతుంది. "ఎప్పుడు చేసినా ఎంగేజే" అన్నా పని చెడుతుంది. అది నిందలా వినిపించి, కబురు బదులు సంజాయిషీ వస్తుంది.

జోక్ సంగతి వేరు. "ఏరా, ఇవాళైనా సాంబారులో ముక్క కనిపించిందా?" అని అమ్మ నవ్వితే, ఆ నవ్వు కొడుకునూ నవ్వమని పిలవడమే. ఇది జెఫర్సన్ 1979లో చూపించిన విషయం. వాడూ నవ్వితే మాట తేలికపడుతుంది కానీ కబురింకా రాలేదు, అమ్మ మరో మాట అనాలి. నవ్వకుండా, "రెండ్రోజులుగా సరిగా తినట్లేదమ్మా" అంటే పిలుపును కాదన్నట్టే. అక్కడ జోక్ వదిలేసి వినాలి.

జెఫర్సన్ తర్వాత మరో సంగతి గమనించారు. కష్టం చెప్పుకునేవాళ్లు తరచూ తామే నవ్వుతారు, వినేవాళ్లు మాత్రం నవ్వరు. కాబట్టి కొడుకు నవ్వుతూనే "మళ్లీ పరీక్ష పోయిందమ్మా" అన్నా, తల్లి శ్రుతి కలపకూడదు.

ఫీజు గడువు రేపే అయితే ఇవేవీ అక్కర్లేదు. "కట్టావా?" అని సూటిగా అడగడమే మంచిది.