పేపర్లు పెట్టాక పెరిగే జీతం

రాజీనామా చేసిన ఉద్యోగి వెళ్లిపోకుండా ఉండేందుకు పాత కంపెనీ ఇవ్వజూపే కొత్త జీతాన్నో హోదానో కౌంటర్ ఆఫర్ అంటారు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఇది మామూలు విషయం. అక్కడి నోటీసు పీరియడ్ ఇందుకు పెద్ద కారణం. చాలా కంపెనీల్లో అది 60 నుంచి 90 రోజులు. అంటే పేపర్లు పెట్టిన ఉద్యోగి ఇంకో రెండు మూడు నెలలు అదే సీట్లో, అదే మేనేజర్ కింద పనిచేస్తాడు. మనసు మార్చడానికి కంపెనీకి కావలసినంత సమయం దొరుకుతుంది.

నిన్నటిదాకా బడ్జెట్ లేదన్న కంపెనీకి ఈరోజు డబ్బు ఎక్కడిదని ఉద్యోగికి అనుమానం రావడం సహజం. వెళ్లేవాడి స్థానంలో మరొకరిని తేవాలంటే ఈనాటి మార్కెట్ ధరకే తేవాలి. కన్సల్టెన్సీ ద్వారా తీసుకుంటే దానికీ ఫీజు కట్టాలి. వచ్చే మనిషికీ నోటీసు పీరియడ్ ఉంటుంది కాబట్టి కొన్ని నెలలు ఆగాలి, తర్వాత పని నేర్పాలి. ఈలోగా ప్రాజెక్టు ఆగితే క్లయింట్ ఊరుకోడు. వీటన్నిటితో పోలిస్తే ఉన్నవాడికే మూడు నాలుగు లక్షలు పెంచడం చవక. అందుకే కౌంటర్ ఆఫర్‌ను ఆలస్యంగా దొరికిన గుర్తింపుగా మాత్రమే చూడకూడదు. ప్రాజెక్టు గండం గట్టెక్కడానికి కంపెనీ వేసుకున్న లెక్క కూడా అందులో ఉంటుంది.

ఆ లెక్కను ఉద్యోగి కూడా వేసుకోవాలి. ఉదాహరణకు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ప్రస్తుత సీటీసీ 12 లక్షలు అనుకుందాం. కొత్త కంపెనీ 17 లక్షలు ఇస్తానంది: అందులో ఫిక్స్‌డ్ 15.5 లక్షలు, వేరియబుల్ 1.5 లక్షలు. పాత కంపెనీ 16.5 లక్షలు చేస్తాం, ఉండిపొమ్మంది. యాభై వేల తేడాకు తెలిసిన మనుషుల్ని, అలవాటైన పనిని వదులుకోవడం దేనికని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ 16.5 లక్షలను విడదీస్తే ఫిక్స్‌డ్ 13 లక్షలు, వేరియబుల్ 1.5 లక్షలు, రిటెన్షన్ బోనస్ 2 లక్షలు. ఈ బోనస్ ఒక్కసారే వస్తుంది. రెండో ఏడాదికి మిగిలేది 14.5 లక్షలే. కొత్త కంపెనీతో తేడా యాభై వేలు కాస్తా రెండున్నర లక్షలైంది. పైగా మధ్యలో ఇంత పెంచాం కాబట్టి వచ్చే అప్రైజల్‌లో హైక్ ఉండదని చాలాచోట్ల చెబుతారు. రాజీనామా చేయకపోయినా ఆ అప్రైజల్‌లో పది శాతం పెరిగేదనుకుంటే జీతం 13.2 లక్షలయ్యేది. ఆ లెక్కన కౌంటర్ ఆఫర్ వల్ల శాశ్వతంగా కలిసొచ్చింది 1.3 లక్షలు మాత్రమే. మిగతాది ఎలాగూ రాబోయే హైక్‌ను కాస్త ముందుగా ఇవ్వడమే. కొత్త కంపెనీ విషయంలోనూ ఒకటి అడిగి తెలుసుకోవాలి: మొదటి ఏడాది హైక్‌కు అర్హత ఉంటుందా లేదా అని. ఏడాది మధ్యలో చేరినవారిని ఆ విడత అప్రైజల్ నుంచి తప్పించే కంపెనీలు చాలా ఉన్నాయి.

రిటెన్షన్ బోనస్‌కు ఇంకో మెలిక ఉంది. ఏడాదో, పద్దెనిమిది నెలలో కంపెనీలో ఉండాలని, ముందే వెళితే తిరిగి కట్టాలని ఒప్పందంలో రాస్తారు. బోనస్ జీతం కిందే లెక్క కాబట్టి పన్ను కోసుకుని ఇస్తారు. తిరిగి కట్టాల్సి వస్తే మాత్రం కొన్ని కంపెనీలు పన్నుకు ముందున్న పూర్తి మొత్తం అడుగుతాయి. చేతికి లక్షా నలభై వేలు వచ్చినవాడు రెండు లక్షలు కట్టవలసి రావచ్చు. సంతకానికి ముందు ఈ వాక్యం ఎలా ఉందో చదవాలి.

ఉండిపోవడం వైపు మొగ్గే లెక్క గ్రాట్యుటీ. పర్మనెంట్ ఉద్యోగికి సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండితేనే అది దక్కుతుంది. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తే మొత్తం వస్తుంది. ఆ వేతనం నెలకు 45,000 ఉన్న ఉద్యోగికి అయిదేళ్లకు సుమారు 1,30,000 రూపాయలు. నాలుగేళ్ల రెండు నెలలకే వెళ్లిపోతే ఆ డబ్బు పోయినట్టే. అయితే ఇంత మొత్తం కోసం ఆగిపోనక్కర్లేదు. ఈ లెక్క చూపించి కొత్త కంపెనీని జాయినింగ్ బోనస్ అడగవచ్చు.

డబ్బు లెక్క తేలాక అసలు ప్రశ్న మిగులుతుంది: రాజీనామా ఎందుకు చేసినట్టు? జీతం తక్కువైనందుకే అయితే కౌంటర్ ఆఫర్ ఆ బాధను తీర్చగలదు. మేనేజర్‌తో పడకపోవడం, రాత్రి షిఫ్టులు, ఏళ్ల తరబడి పాత ప్రాజెక్టు సపోర్టులోనే ఉండి కొత్త టెక్నాలజీ చేతికి రాకపోవడం కారణాలైతే జీతం పెరిగినా ఆ సమస్యలు అక్కడే ఉంటాయి. ప్రాజెక్టు మారుస్తామన్న హామీ ఇలాంటప్పుడు తేలిగ్గా వస్తుంది. ఏ ప్రాజెక్టు, ఏ తేదీ నుంచి, ఎవరి కింద అని అడిగితే అందులో నిజమెంతో బయటపడుతుంది. 'చూద్దాం, వచ్చే క్వార్టర్‌లో' అన్న జవాబొస్తే మార్పు లేదనే అనుకోవాలి.

ఉండిపోయినవారి పరిస్థితి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మంచి మేనేజర్ ఉన్నచోట విషయం రెండు నెలల్లో సద్దుమణుగుతుంది. మరికొన్ని చోట్ల ఆ ఉద్యోగిని ఎప్పుడైనా వెళ్లిపోయే మనిషిగానే చూస్తారు. పక్కన ఒక జూనియర్‌ను కూర్చోబెట్టి పనంతా నేర్పించమనడం, క్లయింట్ కాల్స్ నుంచి తప్పించడం, ఆన్‌సైట్ జాబితాలో పేరు లేకపోవడం దానికి గుర్తులు. ఒక్కటి కనిపించినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. మూడూ కలిసి కనిపిస్తే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవలసిందే.

ఒప్పుకోవాలని నిర్ణయించుకున్నవారు పనుల వరుస తప్పకూడదు. మేనేజర్ నోటిమాట మీద పోర్టల్‌లో రాజీనామా వెనక్కి తీసుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అప్పుడు కొత్త ఆఫర్ చేజారుతుంది, పాత కంపెనీ లెటర్ మాత్రం పై ఆమోదం కోసం అంటూ నెలలు సాగుతుంది. కొత్త ఫిక్స్‌డ్ ఎంత, బోనస్ షరతులేమిటి, తదుపరి హైక్ ఎప్పుడు అన్నవి హెచ్‌ఆర్ లెటర్‌లో చూసుకున్నాకే రాజీనామా వెనక్కి తీసుకోవాలి. అదే రోజు కొత్త కంపెనీకి ఫోన్ చేసి చెప్పాలి. చేరే రోజు ఉదయం ఫోన్ ఎత్తకపోతే అక్కడి రికార్డులో ఆ పేరు పక్కన రాసుకుంటారు, ఏళ్ల తర్వాత అదే కంపెనీకి దరఖాస్తు పెట్టినప్పుడు అది అడ్డొస్తుంది.

వెళ్లడానికి కారణం జీతం ఒక్కటే అయి, పెంపు ఫిక్స్‌డ్‌లో కలిసి, రెండో ఏడాది లెక్కలోనూ కొత్త ఆఫర్‌కు దగ్గరగా ఉండి, అదంతా లెటర్ మీదకు వచ్చినప్పుడు కౌంటర్ ఆఫర్ ఒప్పుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కృతజ్ఞతలు చెప్పి, నోటీసు పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్ తీసుకుని వెళ్లడమే మంచిది.