ముందు నకలులో, ఆ తర్వాతే అసలు సైట్‌లో

నడుస్తున్న వెబ్‌సైట్ రూపం మార్చాలంటే మొదట దాని నకలు ఒకటి తీసి, ప్రయోగాలన్నీ అందులోనే చేస్తారు. ఈ నకలును స్టేజింగ్ సైట్ అంటారు. సందర్శకులు పాత సైట్‌నే చూస్తుంటారు, మార్పులు మాత్రం పక్కన సాగుతుంటాయి. వర్డ్‌ప్రెస్‌తో నడిచే ఒక చీరల దుకాణం సైట్ example.com చిరునామాలో ఉందనీ, దానికి కొత్త థీమ్ వేయాలనీ అనుకుందాం.

వర్డ్‌ప్రెస్ సైట్‌లో రెండు భాగాలుంటాయి. థీమ్, ప్లగిన్లు, ఫొటోలు ఫైళ్లుగా ఉంటాయి. పేజీలు, ఆర్డర్లు, సెట్టింగులు డేటాబేస్‌లో ఉంటాయి. నకలుకు రెండూ కావాలి. ఫైళ్లను staging.example.com కోసం చేసిన ఫోల్డర్‌లోకి, డేటాబేస్‌ను కొత్త పేరుతో ఉన్న మరో డేటాబేస్‌లోకి కాపీ చేయాలి. చాలా హోస్టింగ్ సంస్థలు ఈ పనికి ఒక బటన్ ఇస్తాయి. చేత్తో చేసేవారు మాత్రం ఒకచోట చాలా జాగ్రత్తగా ఉండాలి. ఏ డేటాబేస్ వాడాలో చెప్పేది wp-config.php ఫైలు. అది ఉన్నదున్నట్టుగా కాపీ అయితే నకలు కూడా అసలు డేటాబేస్‌నే వాడుతుంది. అప్పుడు నకలులో తొలగించిన పేజీ అసలు సైట్‌లోనూ పోతుంది. అందుకే అందులో కొత్త డేటాబేస్ వివరాలు రాశాక, నకలు ఫోల్డర్‌లో నిలబడి ఈ కమాండ్ ఇచ్చి చూసుకోవాలి:

```
wp config get DB_NAME
```

కొత్త పేరు కనిపిస్తేనే ముందుకు కదలాలి.

తర్వాతి పని చిరునామా మార్చడం. డేటాబేస్ నిండా పాత చిరునామాయే ఉంటుంది. దాన్ని మామూలు ఎడిటర్‌తో వెతికి మార్చేస్తే సరిపోదు. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులను అక్షరాల లెక్కతో సహా దాస్తుంది:

```
s:19:"https://example.com"
```

ఈ చిరునామాలో 19 అక్షరాలున్నాయి. కొత్త చిరునామాలో 27 ఉంటాయి. చిరునామా మారి లెక్క 19 దగ్గరే ఉండిపోతే వర్డ్‌ప్రెస్ ఆ సెట్టింగును చదవలేదు. పక్కనుండే విడ్జెట్లు మాయమవడం వంటి తేడాలు వస్తాయి, కారణం మాత్రం ఎక్కడా కనిపించదు. ఈ లెక్కను కూడా సరిచేసే కమాండ్ ఇది:

```
wp search-replace 'https://example.com' \
  'https://staging.example.com' \
  --skip-columns=guid --dry-run
```

చివర `--dry-run` ఉన్నంతసేపు ఎన్ని చోట్ల మారుతుందో చూపిస్తుందే తప్ప ఏదీ మార్చదు. లెక్క చూసుకున్నాక ఆ మాట తీసేసి మళ్లీ నడపాలి. నకలులో ఏదైనా లింకు నొక్కితే అసలు సైట్‌కు వెళ్లిపోతోందంటే ఎక్కడో పాత చిరునామా మిగిలిందని అర్థం.

నకలులో ఉన్న కస్టమర్ల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు నిజమైనవే. కాబట్టి దాన్ని పాస్‌వర్డ్ లేకుండా వదలకూడదు. సెర్చ్ ఇంజన్లకు కనిపించవద్దని సెట్టింగుల్లో టిక్ పెట్టడం విన్నపం మాత్రమే, అది తాళం కాదు. మెయిళ్లు వెళ్లకుండా ఆపాలి, లేకపోతే పరీక్ష కోసం మార్చిన ఆర్డర్ గురించి నిజమైన కస్టమర్‌కు కబురు వెళుతుంది. చెల్లింపుల దగ్గర టెస్ట్ కీలు పెట్టాలి. రేజర్‌పే వాడితే అవి rzp_test_ తో మొదలవుతాయి.

ఇక పరీక్ష. మొదటి పేజీ చూసి తృప్తిపడితే చాలదు. ఫోన్‌లో చీర ఎంచుకుని, బుట్టలో వేసి, చెల్లింపు దాకా వెళ్లాలి. పేరు పొడవుగా ఉన్న చీర, ఫొటో లేని చీర, స్టాక్ అయిపోయిన చీర, మూడింటినీ తెరిచి చూడాలి. కొత్త డిజైన్ ఎక్కువగా చెదిరేది ఇలాంటి చోట్లే.

అన్నీ కుదిరాక అసలు సైట్‌కు చేర్చడంలోనే పెద్ద ప్రమాదం ఉంది. సోమవారం నకలు తీసి శుక్రవారం డేటాబేస్‌తో సహా వెనక్కి పంపితే, ఈ మధ్య వచ్చిన ఆర్డర్లన్నీ చెరిగిపోతాయి. అసలు సైట్ మళ్లీ సోమవారం నాటి స్థితికి వెళుతుంది. అందుకే ఆర్డర్లు, వ్యాఖ్యలు వచ్చే సైట్‌కు డేటాబేస్‌ను పంపకూడదు, థీమ్ ఫోల్డర్‌నే పంపాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కస్టమైజర్‌లో ఎంచుకున్న రంగులు, లోగో వంటివి ఫైళ్లలో ఉండవు, డేటాబేస్‌లో ఉంటాయి. వాటిని నకలులో మార్చినప్పుడే కాగితం మీద రాసుకుని, అసలు సైట్‌లో చేత్తో మళ్లీ పెట్టడం చిన్న దుకాణానికి అన్నిటికన్నా భద్రమైన దారి.

రద్దీ తక్కువగా ఉండే వేళ చూసుకుని, ముందు అసలు సైట్‌కు బ్యాకప్ తీసి, కొత్త థీమ్‌ను యాక్టివేట్ చేసి, క్యాషెను ఖాళీ చేయాలి. క్యాషె వల్ల కొందరికి పాత రూపమే కనిపిస్తుంటుంది. తర్వాత తక్కువ ధర వస్తువు ఒకటి నిజంగానే కొని చూడాలి, ఎందుకంటే అసలు కీలతో చెల్లింపు జరుగుతుందో లేదో నకలు చెప్పలేదు. పాత థీమ్‌ను కొన్ని వారాలైనా తొలగించకూడదు. ఏదైనా తేడా వస్తే దాన్నే తిరిగి యాక్టివేట్ చేయవచ్చు, మధ్యలో వచ్చిన ఆర్డర్లకు ఏమీ కాదు.